త్వరణం మొత్తం తెలిసినా బండి ఎక్కడుందో ఎందుకు చెప్పలేం?

ఇంటర్ పిల్లలకు నేను తరచూ ఇచ్చే లెక్క ఒకటుంది. తిన్నని పట్టాల మీద ఒక చిన్న ట్రాలీ కదులుతోంది. t సెకన్ల దగ్గర దాని త్వరణం ఇది:

a = 6t − 12

కొలత మీటర్లలో, సెకన్లలో. నాలుగు సెకన్లు గడిచాక ట్రాలీ ఎక్కడుంటుంది?

ప్రశ్న ఇంతవరకే ఇచ్చి ఆగుతాను. చాలామంది వెంటనే రెండుసార్లు సమాకలనం చేసి t³ − 6t² అని రాస్తారు. అందులో t = 4 పెట్టి −32 మీటర్లు అంటారు. ఒకరిద్దరు మాత్రం పెన్ను పక్కన పెట్టి, "సర్, మొదట్లో ట్రాలీ ఎక్కడుంది? అప్పటికే కదులుతోందా, ఆగి ఉందా?" అని అడుగుతారు. లెక్క అర్థమైంది వాళ్లకే. నేనిచ్చిన సమాచారంతో ఆ ప్రశ్నకు సమాధానం లేదు. −32 అన్నవాళ్లు తమకు తెలియకుండానే రెండు విషయాలు ఊహించేసుకున్నారు: ట్రాలీ సున్నా దగ్గర మొదలైందని, మొదట్లో ఆగి ఉందని.

త్వరణం చెప్పేది వేగంలో మార్పు గురించి. వేగం ఎంతో అది చెప్పదు. బ్యాంకు ఖాతాలో ఏ రోజు ఎంత వేశారో, ఎంత తీశారో మొత్తం జాబితా మీ చేతిలో ఉందనుకోండి. నెల మొదట్లో ఎంత నిల్వ ఉందో తెలియకపోతే నెలాఖరుకు ఎంత ఉంటుందో చెప్పలేరు. నిల్వ ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో మాత్రం కచ్చితంగా చెప్పగలరు. సమాకలనం చేసేది సరిగ్గా ఆ పనే, మార్పులన్నీ కూడి పెడుతుంది. మొదటి నిల్వను మనమే తెచ్చి కలపాలి.

మన లెక్కలో ఇలాంటి ఖాతాలు రెండున్నాయి, ఒకదాని మీద ఒకటి. త్వరణాన్ని కూడితే వేగంలో వచ్చిన మార్పు తెలుస్తుంది, దానికి తొలి వేగం కలిపితే వేగం వస్తుంది. ఆ వేగాన్ని మళ్లీ కూడితే స్థానంలో వచ్చిన మార్పు తెలుస్తుంది, దానికి తొలి స్థానం కలిపితే స్థానం వస్తుంది. రెండు ఖాతాలు కాబట్టి రెండు తొలి నిల్వలు కావాలి. "ప్లస్ C" అని యాంత్రికంగా రాసే అక్షరం వెనుక ఉన్నది ఇదే. మొదటి C ఒక వేగం, రెండోది ఒక పొడవు. రెండింటి కొలతలే వేరు. అందుకే రెండింటికీ ఒకే అక్షరం వాడకండి.

ఇప్పుడు లెక్కను పూర్తి చేద్దాం. t = 0 దగ్గర ట్రాలీ 2 మీటర్ల గుర్తు దగ్గర ఉంది, ముందు దిశలో సెకనుకు 9 మీటర్ల వేగంతో వెళుతోంది. అంటే v(0) = 9, s(0) = 2.

మొదటి సమాకలనం:

v = 3t² − 12t + C

t = 0 పెడితే v = C, అది 9 కావాలి. కాబట్టి C = 9. దీన్ని ఇక్కడే తేల్చేసి ముందుకు వెళ్లడం మంచి అలవాటు. ఎందుకంటే ఈ C రెండో సమాకలనంలోకి వెళ్లగానే Ct గా మారుతుంది. వేగంలో ఒక స్థిరాంకంగా ఉన్నది స్థానంలో కాలంతోపాటు పెరిగే పదం అవుతుంది. చాలా జవాబు పత్రాల్లో నేను చూసే తప్పు ఇక్కడే జరుగుతుంది. మొదటి మెట్టులో C వదిలేసి, చివర్లో ఒక్కటే C కలిపి, "స్థిరాంకం వేశాను కదా సర్" అంటారు. వాళ్లు కలిపింది స్థానానికి చెందిన స్థిరాంకం. వేగానికి చెందినది పోయింది, దానితోపాటు 9t అనే పదమూ పోయింది.

రెండో సమాకలనం:

s = t³ − 6t² + 9t + D

t = 0 పెడితే D = 2. అంటే

s = t³ − 6t² + 9t + 2

t = 4 దగ్గర s = 64 − 96 + 36 + 2 = 6. ట్రాలీ 6 మీటర్ల గుర్తు దగ్గర ఉంది. −32 కి, 6 కి మధ్య తేడా 38 మీటర్లు. ఆ 38 లో 36 తొలి వేగం తెచ్చింది, 2 తొలి స్థానం తెచ్చింది. త్వరణం రెండు సమాధానాల్లోనూ ఒకటే.

ఇక్కడితో లెక్క అయిపోయిందని పుస్తకం మూసేయకండి, అసలు రుచి ఇప్పుడే మొదలవుతుంది. తొలి వేగం కేవలం సమాధానంలోని అంకెను అటూ ఇటూ జరపదు, కదలిక స్వభావాన్నే మార్చేస్తుంది. v = 3t² − 12t + C అనే సమీకరణాన్ని జాగ్రత్తగా చూడండి. త్వరణం t = 2 దగ్గర సున్నా అవుతుంది, అక్కడే వేగం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ కనిష్ఠ విలువ C − 12.

తొలి వేగం 15 అయితే కనిష్ఠ వేగం 3. ట్రాలీ నెమ్మదిస్తుంది కానీ ఎక్కడా ఆగదు, వెనక్కీ తిరగదు. తొలి వేగం సరిగ్గా 12 అయితే t = 2 దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్లీ ముందుకే సాగుతుంది. మన లెక్కలో ఉన్న 9 అయితే కనిష్ఠ వేగం −3, అంటే ట్రాలీ వెనక్కి వెళ్లే సమయం ఒకటుంది. v = 3(t − 1)(t − 3) అని విడదీస్తే t = 1 దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుందని, t = 3 దగ్గర మళ్లీ ముందుకు తిరుగుతుందని కనిపిస్తుంది. తొలి వేగం సున్నా అయితే కదలిక మొదలవడమే వెనక్కి మొదలవుతుంది, t = 4 దాకా వెనక్కే పోతుంది. నాలుగు కదలికలు నాలుగు రకాలు. నాలుగింటికీ త్వరణం మాత్రం ఒకటే, 6t − 12.

తొలి స్థానం సంగతి అలా కాదు. D ని 2 బదులు 50 చేస్తే మొత్తం గ్రాఫ్ 48 మీటర్లు పైకి జరుగుతుంది, అంతే. ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు తిరుగుతుంది అన్నవేవీ మారవు. స్టేషన్‌లో కిలోమీటరు రాయిని ఎక్కడ పాతారన్న దాన్నిబట్టి రైలు నడక మారదు కదా. కాబట్టి రెండు తొలి షరతులూ సమానమైన బరువు ఉన్నవి కావు. తొలి స్థానంలో తప్పు ఎప్పటికీ అంతే ఉంటుంది, తొలి వేగంలో తప్పు మాత్రం గడిచే ప్రతి సెకనుతో పెరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో భూకంపాల దగ్గర మనకు పనికొస్తుంది.

మన ట్రాలీ వెనక్కి తిరిగింది కాబట్టి ఇంకో చిక్కు వస్తుంది. నాలుగు సెకన్లలో అది 2 నుంచి 6 కి చేరింది, స్థానభ్రంశం 4 మీటర్లు. మరి తిరిగిన దూరం? t = 1 దగ్గర s = 6, t = 3 దగ్గర s = 2, t = 4 దగ్గర మళ్లీ 6. ముందుకు 4, వెనక్కి 4, మళ్లీ ముందుకు 4, మొత్తం 12 మీటర్లు. వేగాన్ని నేరుగా సమాకలనం చేస్తే వెనక్కి పోయిన భాగం రుణాత్మకంగా వచ్చి ముందుకు పోయినదాన్ని కొట్టేస్తుంది. దూరం కావాలంటే వేగం సున్నా అయ్యే క్షణాలను ముందు పట్టుకుని, ముక్కలుగా విడగొట్టి కూడాలి. ఆ క్షణాలు ఎక్కడున్నాయో నిర్ణయించేది కూడా C నే. అంటే C తప్పయితే దూరం కూడా తప్పవుతుంది, దాన్ని ఎంత శ్రద్ధగా ముక్కలు చేసినా సరే.

ఇంకో దారిలో వెళ్లి పడిపోయేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు s = ut + ½at² బాగా కంఠతా వచ్చు. దాంట్లో a స్థానంలో 6t − 12 పెట్టేస్తారు. 2 + 9t + ½(6t − 12)t² అని రాసి, t = 1 దగ్గర 8 తెస్తారు. సరైన విలువ 6. తప్పెక్కడుందో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. వచ్చిన స్థానాన్ని రెండుసార్లు అవకలనం చేసి చూడండి. వాళ్ల సమీకరణం 3t³ − 6t² + 9t + 2. రెండుసార్లు అవకలనం చేస్తే 18t − 12 వస్తుంది. మనకిచ్చిన త్వరణం 6t − 12. కుదరలేదు. ఆ సూత్రం కూడా సమాకలనం నుంచే పుట్టింది, కాకపోతే a మారదనుకుని చేసిన సమాకలనం నుంచి. a కాలంతో మారేటప్పుడు దాన్ని బయటకు తీసి t² తో గుణించే హక్కు మనకు లేదు.

ఈ అవకలన పరీక్షకు ఒక పరిమితి ఉంది, అది చాలామంది గమనించరు. C, D లు తప్పు పెట్టినా రెండు అవకలనాల్లో అవి మాయమైపోతాయి. −32 వచ్చిన విద్యార్థి తన t³ − 6t² ని ఇలా పరీక్షిస్తే 6t − 12 చక్కగా వస్తుంది, అంతా సరిగ్గానే ఉందనుకుంటాడు. అందుకే పరీక్ష మూడు భాగాలుగా ఉండాలి. రెండుసార్లు అవకలనం చేస్తే త్వరణం రావాలి, ఒకసారి చేసి t = 0 పెడితే తొలి వేగం రావాలి, అసలు చేయకుండా t = 0 పెడితే తొలి స్థానం రావాలి.

తొలి షరతులు ఎప్పుడూ t = 0 దగ్గరే ఇవ్వాలని కూడా లేదు. "t = 2 దగ్గర వేగం −3, t = 4 దగ్గర స్థానం 6" అని ఇస్తే? 12 − 24 + C = −3, C = 9. తర్వాత 64 − 96 + 36 + D = 6, D = 2. అదే ట్రాలీ. వేగమే ఇవ్వకుండా "t = 0 దగ్గరా, t = 3 దగ్గరా ట్రాలీ 2 మీటర్ల గుర్తు దగ్గరే ఉంది" అన్నా చాలు. మొదటి దాంతో D = 2, రెండో దాంతో 27 − 54 + 3C + 2 = 2, మళ్లీ C = 9. కానీ రెండు వేర్వేరు క్షణాల దగ్గర వేగాలు మాత్రమే ఇస్తే పని జరగదు. మొదటి వేగంతోనే C తేలిపోతుంది. రెండోది దానితో సరిపోతే కొత్తగా చెప్పేదేమీ ఉండదు, సరిపోకపోతే లెక్కలోనే తప్పుంది. ఏ వేగమూ D గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. షరతులు రెండున్నాయా అని లెక్కపెడితే చాలదు, అందులో కనీసం ఒక్కటైనా స్థానం గురించినది కావాలి.

కాగితం మీద C, D లు ఎవరో ఒకరు ఇస్తారు. భూకంపాన్ని కొలిచేవాళ్లకు ఎవరూ ఇవ్వరు.

1967 డిసెంబర్ 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కొయనా దగ్గర భూకంపం వచ్చినప్పుడు, అక్కడి ఆనకట్టలో ఉన్న పరికరం నేల కదలిక త్వరణాన్ని నమోదు చేసింది. ఆ రికార్డును ఆనకట్టల ఇంజనీర్లు ఇప్పటికీ తమ లెక్కల్లో వాడతారు. ఇలాంటి పరికరం ఇచ్చేది త్వరణం. నేల ఎంత వేగంతో ఊగింది, ఎన్ని సెంటీమీటర్లు జరిగింది అని తెలియాలంటే రెండుసార్లు సమాకలనం చేయాల్సిందే, అచ్చంగా మన ట్రాలీ లెక్కలాగే. ఇక్కడ సూత్రం ఏదీ ఉండదు కాబట్టి సెకనుకు వంద, రెండు వందల చొప్పున తీసుకున్న అంకెలను కూడుకుంటూ పోతారు.

తొలి వేగం ఎంత? నేల అంతకుముందు కదలకుండా ఉంది కాబట్టి సున్నా అనిపిస్తుంది. కానీ ఫిల్మ్ మీద రికార్డు చేసే పాత తరం పరికరాలు నిరంతరం నడిచేవి కావు. నేల కొంత గట్టిగా కదిలాకే అవి మేల్కొని రికార్డు మొదలుపెట్టేవి. అంటే రికార్డులో t = 0 అనేది భూకంపంలో మొదటి క్షణం కాదు. అప్పటికే నేల కదులుతోంది, దాని వేగం మనకు తెలియదు. ఇప్పటి డిజిటల్ పరికరాలు మేల్కొనడానికి ముందటి కొన్ని సెకన్లను కూడా జ్ఞాపకంలో ఉంచుకుని రికార్డుకు కలుపుతాయి. ఆ ప్రశాంతమైన ముక్క విలువ ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అక్కడ v = 0 అని ధైర్యంగా రాయొచ్చు.

రెండో చిక్కు ఇంకా గట్టిది. నేల నిశ్చలంగా ఉన్నప్పుడు పరికరం సరిగ్గా సున్నా చూపించాలి, కానీ కొంచెం పక్కకు చూపిస్తుంది. ఆ తేడా 0.005 మీ/సె² అనుకుందాం. గురుత్వ త్వరణంలో అది రెండు వేల వంతు, గ్రాఫ్‌లో కంటికి కనబడదు. ఒకసారి సమాకలనం చేస్తే అది 0.005t అవుతుంది, 40 సెకన్లకు సెకనుకు 0.2 మీటర్లు. రెండోసారి చేస్తే ½ × 0.005 × 40² = 4 మీటర్లు. నేల నిజంగా పది సెంటీమీటర్లు ఊగి ఉండొచ్చు, మన లెక్క మాత్రం నాలుగు మీటర్లు పక్కకు పోయిందని చెబుతుంది. మొబైల్ ఫోన్‌లోని త్వరణ సెన్సర్ అంకెలను కూడి, నడిచిన దూరం కట్టాలని చూసినవాళ్లకు ఈ అనుభవం తెలుసు. ఫోన్ బల్ల మీదే ఉంటుంది, లెక్కలో మాత్రం వీధి దాటిపోతుంది.

ఏ తప్పు జరిగిందో పట్టుకోవడానికి వేగం గ్రాఫ్ చివరి భాగం చూడాలి. ప్రకంపనలు ఆగిపోయాక నేల వేగం సున్నా కావాలి, ఇందులో సందేహం లేదు. లెక్కలో వచ్చిన వేగం సున్నాకు కొంచెం పైనో కిందో అడ్డగీతలా నిలబడితే, తొలి వేగం తప్పు పెట్టామని అనుమానించాలి. అది C లోని తప్పు, స్థానంలో తిన్నని వాలు గీతగా కనిపిస్తుంది. వేగం గ్రాఫే ఒక వాలులో పైకో కిందికో జారిపోతుంటే, త్వరణంలోనే స్థిరమైన తేడా ఉంది. ఆ వాలు ఎంతో కొలిస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది, మన ఉదాహరణలో 0.005. దాన్ని మొత్తం త్వరణం నుంచి తీసేసి మళ్లీ మొదటి నుంచి సమాకలనం చేస్తారు. దీన్నే ఆధార రేఖ సవరణ అంటారు.

ప్రకంపనల మధ్యలో పరికరం కాస్త ఒరిగిపోతే ఈ సవరణ ఒక్క గీతతో తేలదు. ఒక డిగ్రీ ఒరిగినా గురుత్వ త్వరణంలో 0.17 మీ/సె² అడ్డంగా వచ్చి కలుస్తుంది. పరికరానికి అది నేల కదలికలాగే కనిపిస్తుంది. అప్పుడు ఒరగకముందు ఒక సవరణ, ఒరిగాక ఒకటి చేయాలి. ఏ క్షణంలో ఒరిగిందన్నది ఎంచుకోవడంలో కొంత సొంత అంచనా తప్పదు, ఎంచుకున్న క్షణాన్నిబట్టి చివరి స్థానం మారిపోతుంది కూడా.

ఈ సవరణల్లో ఒక అతి జాగ్రత్త కూడా ప్రమాదమే. చివరికి వేగం సున్నా కావాలన్నట్టే, స్థానం కూడా తొలి చోటికే రావాలని కొందరు బలవంతపెడతారు. దూరంగా ఉన్న ఊళ్లలో అది దాదాపు నిజమే. భూకంపం పుట్టిన పగులు పక్కనే ఉన్న చోట నేల జరిగి అక్కడే ఉండిపోవచ్చు. ఆ చివరి జరుగుబాటు ఎంతో త్వరణం రికార్డు ఒక్కదానితో నమ్మకంగా చెప్పలేం. అందుకే పక్కనే జీపీఎస్ కేంద్రం ఉంటే, భూకంపానికి ముందూ తర్వాతా అది చూపిన స్థానాల తేడాను తెచ్చి, సమాకలనంలో వచ్చిన చివరి స్థానంతో పోల్చి చూస్తారు.